రోజు గీతా, ట్రేడ్ గీతా: జర్నల్‌లో ఏది చూడాలి?

బ్రోకర్ యాప్ చూపించే ఈక్విటీ కర్వ్‌లో తేదీల వారీగా రూపాయలు ఉంటాయి. రెండు చోట్ల ₹14,000 చొప్పున పడితే, రెండు గుంతలూ ఒకేలా కనిపిస్తాయి.

అవే ట్రేడ్లను మీ జర్నల్ నుంచి తీసి ట్రేడ్ నంబర్ వారీగా, R లెక్కలో గీయండి. మీ రూల్ ప్రకారం ఒక ట్రేడ్‌లో పోగొట్టుకోదగ్గ మొత్తం ₹2,000 అనుకుంటే, అదే 1R. ఇప్పుడు మొదటి గుంతలో వరుసగా ఏడు మెట్లు, ఒక్కోటి సుమారు -1R. గెలుపు 45 శాతం ఉన్న పద్ధతిలో వంద ట్రేడ్లకు ఆరేడు వరుస నష్టాలు మామూలే, పద్ధతి మార్చనక్కర్లేదు. రెండో గుంతలో మూడే మెట్లు: -1, -1, -5. ఆ మూడోది స్టాప్‌లాస్ జరిపిన ట్రేడో, కసితో క్వాంటిటీ పెంచిన ట్రేడో. గ్యాప్‌డౌన్ కూడా అయ్యుండొచ్చు, అందుకే ఎంట్రీ నోట్ చూడాల్సిందే.

ఒక మెలిక ఉంది. R విలువను ప్రతి ట్రేడ్‌కీ అప్పటి స్టాప్, అప్పటి క్వాంటిటీతో లెక్కిస్తే, లాట్లు రెట్టింపు చేసిన ట్రేడ్ కూడా బుద్ధిగా -1R అనే కనిపిస్తుంది. 1Rని ₹2,000 దగ్గరే కట్టేయండి.

డ్రాడౌన్ రూపాయల్లో ఎంతో తెలియాలంటే మాత్రం రోజు గీతే నయం.