గెడ్డకు చెక్‌డ్యాం: మాలు గట్టిగా కలపాలా, గోడ అడుగున వెడల్పు పెంచాలా?

మెళియాపుట్టి వైపు కొండల నుంచి దిగే చిన్న గెడ్డ ఒకటి అనుకుందాం. వెడల్పు 12 మీటర్లు, కట్టాల్సిన ఎత్తు మీటరున్నర, పైన మందం 60 సెంటీమీటర్లు, నీరు నిలిచే వైపు నిట్టనిలువు. పునాది, రెక్కగోడలు వేరే లెక్క.

మేస్త్రి మాట ఒకటే: "అడుగు మీటరుంపావు చాలు బాబూ, సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు కలిపేస్తే ఇనుములా ఉంటాది." రెండో దారి, అడుగు మీటరున్నర చేసి ఒకటికి ఆరు మాలుతో కట్టడం.

మేస్త్రి చెప్పింది ఉజ్జాయింపు లెక్క కాబట్టి అడుగు 1.2 మీటర్లు అనుకుందాం. పై మందం, అడుగు మందం కూడి సగం చేసి ఎత్తుతో, పొడవుతో గుణిస్తే రాతికట్టు 16.2 ఘనమీటర్లు. అడుగు 1.5 అయితే 18.9. గండరాయి కట్టులో మూడో వంతు దాకా మాలే. ఘనమీటరు మాలుకు ఒకటికి నాలుగైతే 360 కిలోల సిమెంటు, ఒకటికి ఆరైతే 240. అంటే సన్నగోడకు 39 బస్తాలు, వెడల్పు గోడకు 30. వెడల్పు గోడకు రాయి 2.7 ఘనమీటర్ల కట్టుకు సరిపడా ఎక్కువ కావాలి, ఇసుక ఒక ఘనమీటరు దాకా అదనం. రాయి కొండ కిందే దొరికే చోట ఇది పెద్ద భారం కాదు.

అసలు తేడా వానాకాలంలో తెలుస్తుంది. గోడ మీదుగా 30 సెంటీమీటర్ల నీరు పోతోంది, దిగువన నీరు లేదు అనుకుని, కింద నుంచి నీటి ఎత్తుడు కూడా కలిపి చూశాను. రాతికట్టు బరువు ఘనమీటరుకు 2.3 టన్నులు. బరువు, నీటి తోపు కలిసిన బలం ఎగువ అంచు నుంచి అడుగులో మూడింట రెండు వంతుల లోపే పడాలి. సన్నగోడలో హద్దు 80 సెంటీమీటర్లు, పడుతున్నది 95. అప్పుడు ఎగువ పాదం దగ్గర కట్టు విడిపోవాలని చూస్తుంది, మాలు ఎంత గట్టిదైనా ఆ లాగుడుకు దాన్ని నమ్ముకోకూడదు. వెడల్పు గోడలో హద్దు 100, పడుతున్నది 99. అంచు మీదే ఉంది, అందుకే వరద ఇంకా ఎత్తుగా వచ్చే గెడ్డకు అడుగు మరికాస్త పెంచాలి.

నేనైతే వెడల్పు గోడే కడతాను. మిగిలిన తొమ్మిది బస్తాల్లో కొన్ని ఎగువ ముఖానికీ పై అంచుకూ ఒకటికి మూడు పాయింటింగ్‌కు పోతాయి, నీరు కారేది ఆ అతుకుల్లోంచే.

రాయి మాత్రం చూసుకోవాలి. ఇక్కడి కొండల్లో చెమ్మకు మెత్తబడిన ఖొండలైట్ చాలా ఉంటుంది. సుత్తితో కొడితే ఖంగుమనకుండా డొల్లగా మోగేది, చేత్తో రాల్తున్నది వద్దు. అది తేలిక, పై లెక్కలో వేసిన బరువు రాదు.

ఇంకొకటి, లోపలి రాళ్ల మధ్య మాలు నింపకుండా చిల్లరాళ్లు విసిరేస్తారు. వరస పూర్తయ్యాక బకెట్ నీళ్లు పోయండి, గుటుక్కున దిగిపోతే లోపల ఖాళీ ఉన్నట్టే. బస్తాలూ లెక్కపెట్టండి: 30కి బదులు 24తో గోడ పూర్తయిందంటే, కొలత పెట్టెతో సరిగా కలిపారని తెలిస్తే, ఘనమీటరుకు పైగా మాలు గోడలోకి ఎక్కలేదన్నమాట.