కొట్టు అరల ఫొటోలు: చాన్నాళ్లు వాడాక నా అనుభవం

సెల్‌ఫోన్‌తో సరుకుల అరలు ఫొటో తీసి పెట్టుకోవడంలో నాకు ప్రాణం లేచొచ్చే సంగతి ఒక్కటే. ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చూస్తే, తీసిన రోజున మనం పట్టించుకోనిది కూడా అందులో దొరుకుతుంది.

మాది విజయవాడ సింగ్‌నగర్‌లో కిరాణా కొట్టు. 2024 మొదట్లో మా అబ్బాయి ఈ పద్ధతి పెట్టాడు. ఆదివారం పొద్దున్నే బేరాలు మొదలవకముందు ర్యాక్‌కి రెండు ఫొటోలు తీసి, ఒక్కోదాని కింద ఒక వాక్యం రాయాలి. మొత్తం పావుగంట పని. మొదటి రోజు వాడికీ నాకూ జరిగిన వాదన ఇంకా గుర్తుంది.

"ఒరేయ్, ఇన్ని సరుకులు ఒక్క వాక్యంలో ఎలా పడతాయిరా?"

"ఇది లెక్క కాదు నాన్నా. ఏ రకం సరుకు ఉంది, అర ఎంత నిండింది, అంతే. 'రెండో ర్యాక్, పై మూడు అరలు సబ్బులు, నిండుగా. కింద రెండు పౌడర్లు, సగం.' చాలు."

"నిండుగా అంటే? ఫొటోలో కనపడేది ముందు వరుసే కదా. వెనకాల ఏముందో దానికేం తెలుసు?"

"అయితే చెయ్యి పెట్టి చూడు."

చూశాను. ముందు నుంచి చూస్తే అడ్డంగా పన్నెండు, ఎత్తున నాలుగు, మొత్తం 48 సబ్బులు. ఆ అరలో లోతుకి అయిదు వరుసలు పడతాయి. ఫొటో చూసినవాడు 240 అనుకుంటాడు. ఉన్నవి రెండే వరుసలు, అంటే 96. సబ్బు కొన్నధర 35 రూపాయలనుకుంటే ఒక్క అరలోనే 5,040 రూపాయల తేడా.

"చూశావా? నిండుగా ఉందన్న మాట తప్పైపోయింది."

"అయితే వాక్యం చివర వెనక ఎన్ని వరుసలో కూడా రాద్దాం నాన్నా. 'సబ్బులు, ముందు నిండుగా, లోతు రెండు' అని."

అప్పటినుంచి అదే పద్ధతి. ఫొటో మాత్రం ఎదురుగా నిలబడి తీయం. ట్యూబులైటు వెలుగు ప్లాస్టిక్ కవర్ల మీద పడి తెల్లగా కొడుతుంది, పేర్లు కనపడవు. కొంచెం పక్కకి జరిగి తీస్తాం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద కొట్టులోకి వచ్చింది. నీళ్లు తీశాక ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చేసరికి బిల్లు పుస్తకాలు ముద్దైపోయి ఉన్నాయి. ఆగస్టు 25న తీసిన ఫొటోలు ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఉంటే అవే చూపించాను. పెద్దది చేస్తే మసక. పైగా ఆయన "ఇది గ్రూపులో పెట్టిన రోజు, తీసిన రోజేదండీ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోని కుదించేస్తుంది, తీసిన తేదీ, టైమ్ వివరాలు కూడా తీసేస్తుంది. అసలు ఫొటోలు అబ్బాయి ఫోన్‌లో ఉండబట్టి బతికిపోయాం. వివరాలు తెరిస్తే తేదీ, టైమ్ ఉన్నాయి. ఇప్పుడు పంపాల్సొస్తే డాక్యుమెంటుగా పంపుతున్నాం, అప్పుడు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

అసలు సంతోషం ఆ తర్వాత. మేము నష్టం చిట్టా రాసేటప్పుడు 15 కిలోల నూనె డబ్బాలు మర్చిపోయాం. పప్పుల ర్యాక్ ఫొటో పెద్దది చేస్తుంటే కింద మూల చీకట్లో డబ్బాల మూతలు కనపడ్డాయి. లెక్కపెడితే ఏడు. హోల్‌సేల్ షాపు నుంచి తెచ్చిన నకలు బిల్లులో ఆగస్టు 22న పది డబ్బాలు. మూడు రోజుల్లో మూడు అమ్ముడయ్యాయంటే సరిపోయింది. ఆ ఏడూ చిట్టాలోకి ఎక్కాయి.

ఆ రోజుల్లో వీధిలో అందరికీ, ఇక బిల్లులు దాచక్కర్లేదు, ఫొటోలుంటే చాలని చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అదే ఫొటోలో రెండు కందిపప్పు బస్తాలు స్పష్టంగా ఉన్నాయి, కానీ బిల్లు లేకుండా రొక్కానికి కొన్నవి కావడంతో సర్వేయర్ ఒప్పుకోలేదు. వెనక గదిలో సరుకుకి ఫొటోయే లేదు. బిల్లు ఉంటే ఫొటో దానికి సాక్ష్యం చెబుతుంది, బిల్లు లేకపోతే దాని పని అది చేయలేదు.

మాది చిన్న కొట్టు, తలుపుల్లేని అరలు, సరుకంతా ప్యాకెట్లు, ఓపికున్న కొడుకు. అందుకే నాకు కుదిరింది. మందుల షాపుకి బ్యాచ్ నెంబరు, గడువు తేదీ కావాలి, అవి అర ఫొటోలో చదవలేం. మడతలు పెట్టి పేర్చిన బట్టల కొట్టుకి ఇది పనికొస్తుందని నేను చెప్పలేను. నేను మాత్రం మొన్న ఆదివారం కూడా తీశాను. ఇప్పుడు వెనక గదితో కలిపి ఇరవై నిమిషాలు పడుతోంది.