పూర్తి స్క్రిప్టా, ముఖ్యపదాల చీటీయా?

కొత్త భాషలో మాట్లాడే పరీక్షకు జవాబు మొత్తం రాసుకోవాలా, ముఖ్యపదాలతో సిద్ధం కావాలా? రెండు నిమిషాల జవాబు అంటే భాష నేర్చుకునేవారి వేగంలో సుమారు 200 నుంచి 240 పదాలు. ఉదాహరణకు ‘సెలవుల్లో ప్రయాణం’ అనే అంశాన్ని తీసుకుందాం.

మొత్తం రాసుకుని కంఠస్థం చేస్తే వ్యాకరణం ముందే సరిదిద్దుకోవచ్చు. మొదటిసారి పరీక్షకు వెళ్లేవారికి అది పెద్ద ధైర్యం. కానీ ప్రశ్న ‘వచ్చే సెలవుల్లో ఎక్కడికి వెళ్తారు?’ అని మారిందంటే, భూతకాలంలో బట్టీపట్టిన క్రియలన్నీ అడ్డం తిరుగుతాయి. మధ్యలో ఒక మాట జారితే తర్వాతి వాక్యం దొరకదు. అప్పజెప్పుతున్నారని పరీక్షకులు వెంటనే పసిగడతారు: వేగం పెరుగుతుంది, స్వరంలో ఎత్తుపల్లాలు పోతాయి.

చీటీలో ‘ఎక్కడికి, ఎవరితో, ఒక సంఘటన, ఎందుకు నచ్చింది’ అని నాలుగే మాటలు ఉంటాయి. ఒక్కోదానికి అర నిమిషం. కాలం మారినా ఈ వరస మారదు. చిక్కల్లా సంఘటన దగ్గరే: బస్సు తప్పిపోయిందని ఒక్క ముక్కలో తేల్చేస్తే నిమిషంలోనే జవాబు అయిపోతుంది. ఎందుకు తప్పింది, అప్పుడేం చేశారు అన్నవి కూడా చీటీలో చేర్చాలి.

నా ఓటు చీటీకే. అయితే మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం పూర్తిగా రాసి నోటికి తెచ్చుకోండి.