తూర్పు ఒడ్డున మాటు: మెదక్ దారిలో రెండు ప్రయాణాలు

మొన్న డిసెంబరులో మనవణ్ణి వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి మెదక్ దగ్గరి పోచారం చెరువుకు వెళ్లాను. వాడికి బాతుల ఫొటోలు కావాలట. మేం దిగిన రిసార్టులో గది శుభ్రంగా ఉంది, రాత్రి జొన్నరొట్టె, నాటుకోడి కూర ఇంకా బాగున్నాయి. తేడా కొట్టింది ఒక్కచోటే: గేటు తాళం తీసేది ఆరింటికట. కాపలాదారుణ్ణి బతిమాలుకుని బయటపడి, నీళ్ల దగ్గరికి చేరేసరికి ఏడు దాటింది. బాతులన్నీ నడి నీళ్లలో నల్లటి చుక్కల్లా ఉన్నాయి. పిట్టల కోసం వెళ్లేవాళ్లు గది మాట్లాడుకునేటప్పుడు ఏసీ సంగతి తర్వాత, నాలుగింటికి గేటు తీస్తారా అని ముందు అడగండి.

మా మామకు ఈ సంగతి 1970లోనే తెలుసు. అప్పుడు నాకు పదహారేళ్లు. వేటను గట్టిగా కట్టడి చేసిన వన్యప్రాణి చట్టం ఇంకా రెండేళ్ల తర్వాతి మాట. మామ దగ్గర తుపాకి లైసెన్సుంది, చలికాలంలో బాతులు కొట్టేవాడు. పోచారాన్ని 1952లోనే అభయారణ్యం చేశారు కాబట్టి అటు వెళ్లేవాడు కాదు, దూరంగా ఓ ఊరి చెరువు చూసుకున్నాడు. మెదక్‌లో బంగళా ఉంది, మంచాలు, వంటమనిషి అన్నీ ఉన్నాయి. మామ మాత్రం పటేలు ఇంటి అరుగు మీద పడుకుందామన్నాడు. రాత్రంతా మేకల వాసన, దోమలు. కానీ చెరువు పది నిమిషాల నడక. ఇవాళ నన్నడిగినా అరుగుకే ఓటేస్తాను.

మాటు ముందురోజు సాయంత్రమే కట్టాం. తూర్పు ఒడ్డునే ఎందుకంటే పొద్దు మన వీపు వెనక పొడుస్తుంది, ఎండ బాతుల కళ్లలో పడుతుంది. ఆ రోజుల్లో తెల్లవారు గాలి కూడా అటునుంచే వస్తోంది. బాతు గాలికి ఎదురుగా దిగుతుంది, అంటే మనవైపు ముఖం పెట్టి వస్తుంది. అక్కడే పెరిగిన జమ్ము కోసి చుట్టూ గుచ్చాం. వేరేచోటి ఆకు తెస్తే రంగు తేడా పైనుంచి తెలిసిపోతుందట. తర్వాత మామ మోకాటి లోతు నీళ్లలో అడుగులు కొలుచుకుంటూ వెళ్లి, 35 గజాల దగ్గర ఓ కట్టె పాతాడు.

"ఆ కట్టె అవతల ఏనుగు దిగినా నీది కాదు బిడ్డా."

దూరం నుంచి కొడితే తూటాలోని చర్రలు విడిపోతాయి. పిట్ట చావదు, దెబ్బ తిని ఎగిరిపోయి ఏ తుంగలోనో రెండ్రోజులకు చస్తుంది. మామకు అన్నిటికన్నా చేదు అదే.

నాలుగున్నరకు మాటులో కూర్చున్నాం. నాకు ఒకే ఒక్క తూటా ఇచ్చి, గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకోమన్నాడు. ఎర్ర కాగితం గొట్టం, ఇత్తడి అడుగు. చీకట్లో చేసేదేం లేక దాన్ని తీసి వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నా. చేతులు మంచుకి తడిసి ఉన్నాయని తోచనే లేదు.

మొదటి గుంపు రెక్కల చప్పుడుగానే తెలిసింది. తలెత్తబోతే మామ నా తలపాగా కిందికి లాగాడు. పైకెత్తిన ముఖం అద్దంలా మెరుస్తుంది, తల వంచి కళ్లు మాత్రం తిప్పాలి. కట్టె స్పష్టంగా కనబడ్డాక, "ఇగ తూటా ఎయ్యి" అన్నాడు. తూటా సగం దూరి ఆగిపోయింది. తడికి కాగితం ఉబ్బింది. నెట్టబోయాను. మామ చెయ్యి పట్టుకుని ఆపి, తుపాకి గొట్టాన్ని నీళ్లవైపే ఉంచి, గోటితో మెల్లగా తూటాను వెనక్కి లాగాడు. ఆ సందులో రెండు గుంపులు మా నెత్తి మీంచి దిగిపోయాయి. తిట్టలేదు. తన రొంటి నుంచి పొడిది తీసి ఇచ్చాడు.

సూదితోక బాతులు ఓ ఆరు వచ్చాయి. ఒక చుట్టు తిరిగాయి, రెండో చుట్టు. నా వేలు ఘోడా మీదికి పోతోంది.

"కాళ్లు దించనీ."

మూడో చుట్టులో రెక్కలు వంచి, కాళ్లు ముందుకు చాచాయి. గుంపును చూస్తే గుంపంతా తప్పుతుంది, ఒక్కదాన్నే చూడమన్నాడు. చివరిదాని మీద చూపు నిలిపి పేల్చాను. అది జమ్ములో పడింది. నేను ఎగిరిపోతున్న మిగతావాటిని చూస్తున్నా. మామ పడ్డచోట ఒంగిన ఆకు మీంచి కన్ను తీయకుండా నన్ను అటు నడిపించాడు. లేకపోతే దొరికేది కాదు.

రిసార్టులో రెండో రాత్రి డబ్బు వదులుకుని మనవడూ నేనూ మామ మాటు కట్టిన ఆ ఊళ్లోనే ఓ రైతు ఇంట్లో పడుకున్నాం. బాత్రూం పెరట్లో, చన్నీళ్లు. తెల్లవారుజామున ఆ ఇల్లాలు కాచిన చాయ్ మాత్రం అమోఘం. అయిదింటికల్లా అదే ఒడ్డున జమ్ము చాటున ఉన్నాం. వాడు నిమిషానికోసారి కెమెరా తెర వెలిగించి చూసుకుంటున్నాడు, ముఖమంతా నీలం వెలుతురు.

నా భుజం మీది తువ్వాలు తీసి తెర మీద కప్పాను.