800, 1500 మీటర్లు: ముందు దమ్మా, వేగమా?

ఇద్దరు కుర్రాళ్లు. ఇద్దరూ 800 మీటర్లు 2:06కే పరిగెత్తుతారు. ఒకడి 400 టైమ్ 54 సెకన్లు, రెండోవాడిది 58. ఇద్దరికీ ఒకే ట్రైనింగ్ ఇస్తే ఒకడికి నష్టమే.

400 టైమ్‌ను రెట్టింపు చేసి 800 టైమ్‌లోంచి తీసేయండి. మొదటివాడికి 18 సెకన్ల తేడా: వేగం ఉంది, దమ్ము లేదు. రెండోవాడికి 10: దమ్ముంది, వేగం లేదు.

దమ్ము పెంచే ఏరోబిక్ బేస్: మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా 45 నిమిషాలు, వారానికోసారి 75. ఫలితానికి నెలలు పడుతుంది. పక్కవాడితో పోటీపడి వేగం పెంచేయడమే ఇందులో ఎక్కువమంది చేసే తప్పు.

వేగాన్ని నిలబెట్టే స్పీడ్ ఎండ్యూరెన్స్: రేసు వేగంతో 300 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో ఐదు నిమిషాల విశ్రాంతి. 2:06 వేగానికి ఒక్కోటి 47 సెకన్లు. మూడోది 50 దాటిందా, ఆ రోజుకి చాలు, బూట్లు విప్పేయండి. ఫలితం కొన్ని వారాల్లోనే కనిపిస్తుంది, కానీ తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ కండరం పట్టేసే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. వారానికి ఒకటి, మహా అయితే రెండు.

800లోనూ సగానికి పైగా శక్తి ఆక్సిజన్‌తోనే వస్తుంది. 1500లో ఇంకా ఎక్కువ. న్యూజిలాండ్ రన్నర్ పీటర్ స్నెల్ వారానికి 160 కిలోమీటర్ల దాకా పరిగెత్తి 1964 టోక్యో ఒలింపిక్స్‌లో రెండూ గెలిచాడు.

మీట్‌కు నాలుగు నెలలుంటే మొదటివాడు బేస్‌తో మొదలుపెట్టాలి. ఆరు వారాలే ఉంటే 300లే దిక్కు. రెండోవాడు ఇప్పటినుంచే వారానికోసారి 300లు చేయొచ్చు. 1500 మీదే కన్నుంటే మాత్రం 75 నిమిషాల పరుగు ఇద్దరూ వదలకూడదు.