మూడు గడుల కాగితం: స్కాలర్‌షిప్ వ్యాసాన్ని ఇంగ్లీషులోకి మార్చే పద్ధతి, ఏళ్ళ తరబడి వాడాక

గూగుల్ డాక్స్‌లో మూడు గడుల పట్టిక ఒకటి గీస్తాం. ఎడమ గడిలో పిల్లలు రాసిన తెలుగు, వాక్యానికో వరస, వరసకో అంకె. నడిమి గడిలో మాటకు మాట ఇంగ్లీషు, అది ఎంత వికారంగా ఉన్నా సరే. కుడి గడిలో పంపబోయే ఇంగ్లీషు. పద్ధతి ఇంతే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లల వ్యాసాల మీద చాలాకాలంగా వాడుతున్నదిది.

నడిమి గడి దండగ పని అని కొత్తవాళ్ళందరూ అంటారు. అది లేకుండా చేస్తే ఏమవుతుందో కింది పేరా చూస్తే తెలుస్తుంది. డెల్టా పల్లెలో కౌలురైతు కూతురు రాసే తీరు అచ్చం ఇట్లాగే ఉంటుంది.

"ఆ ఏడు సోమశిల నీళ్ళు ఆలస్యంగా వదిలారు. మా నాన్న నాలుగెకరాలు కౌలుకు తీసుకుని, అప్పు తెచ్చి, ఎడగారు వేసి, కోతకు ముందు వాన వచ్చి చేను పడిపోయింది. ఎకరాకు రెండు పుట్లు కూడా రాలేదు. నా ఫీజు అమ్మే కట్టింది. ఎలా కట్టిందో అడగలేదు. అడగాలనిపించలేదు."

నేరుగా కుడి గడికి దూకినవాళ్ళ చేతిలో రెండో వాక్యం 'హావింగ్ టేకెన్, హావింగ్ బారోడ్' అంటూ తోకలా సాగుతుంది. తెలుగులో తీసుకుని, తెచ్చి, వేసి వరకు కర్త నాన్న. 'వచ్చి' దగ్గర కర్త వాన. 'పడిపోయింది' దగ్గర చేను. మనకు ఇది తడబాటుగా అనిపించదు. ఇంగ్లీషులో మాత్రం అప్పు తెచ్చింది చేనే అన్న అర్థం వస్తుంది. నడిమి గడిలో మాటకు మాట రాసి, ఒక్కో క్రియ కింద దాని కర్తను రాస్తే ఎక్కడ తెంపాలో కళ్ళకు కనబడుతుంది. నాన్న పనులు మూడూ ఒక వాక్యం, వానా చేనూ ఇంకో వాక్యం. 'చేను పడిపోయింది'కి 'ది ఫీల్డ్ ఫెల్' అని రాసినవాళ్ళున్నారు. పొలం ఎక్కడికీ పడదు, నేల మీద ఒరిగింది వరి. 'ది పాడీ లే ఫ్లాట్' అంటే చాలు.

ఇక ఎడగారు. దానికి ఇంగ్లీషు మాట వెతక్కుండా ఆ మాటనే ఉంచి, పక్కన 'ది సెకండ్ క్రాప్' అని ఒక్కసారి చెప్తాం. పుట్టిని మాత్రం మార్చాల్సిందే. నెల్లూరు పుట్టి 850 కిలోలు, కాబట్టి రెండు పుట్లంటే 1,700 కిలోలు. పక్క రాష్ట్రంలో చదివేవాళ్ళకే పుట్టి లెక్క తెలియదు, ఇక పరాయి దేశం వాళ్ళ సంగతి చెప్పేదేముంది. లక్షలు కూడా అంతే, రెండు లక్షలను 200,000గా రాయాలి.

ఆ పేరాలో పైకి కనబడని లోటు ఒకటుంది. నీళ్ళు ఆలస్యమైతే చేను ఎందుకు పడిపోవాలి? నాట్లు వెనకబడితే కోత వానల్లోకి జారుతుందని ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, అందుకే ఆ పిల్ల చెప్పలేదు. ఇంగ్లీషులో చదివేవాళ్ళకు మొదటి వాక్యానికీ రెండోదానికీ సంబంధమే అందదు. ఆ చిన్న ముక్క కలపొచ్చు, కలపాలి కూడా. కానీ కలిపేముందు అది నిజమో కాదో ఆ పిల్లనే అడగాలి. ఊరివాళ్ళకు తెలిసి పైవాళ్ళకు తెలియని వాస్తవం కలపొచ్చు, రాసిన మనిషి చెప్పని భావం కలపకూడదు. ఈ గీత దాటినప్పుడే రాసిన పిల్ల గొంతు పోతుంది. ఆ గీత దాటామా లేదా అన్నది నడిమి గడిని, కుడి గడిని పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది: కుడివైపు కొత్తగా చేరిన ప్రతి మాటకూ ఎడమవైపో, పిల్ల నోటి జవాబులోనో ఆధారం ఉండాలి.

చివరి మూడు వాక్యాల మీదే మాకు ఎక్కువ సమయం పట్టింది. 'అమ్మే' లోని ఆ ఏత్వం ఇంగ్లీషులో అక్షరంగా దొరకదు, వాక్యం కట్టుబడిలో దొరుకుతుంది: 'ఇట్ వాజ్ మై మదర్ హూ పెయిడ్'. 'మై మదర్ పెయిడ్' అని వదిలేస్తే అది రసీదు. 'అడగాలనిపించలేదు' ఇంకా మొండిది. 'ఐ డిడ్ నాట్ ఫీల్ లైక్ ఆస్కింగ్' వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, కానీ బద్ధకంగా, పట్టనట్టుగా వినబడుతుంది. 'మై హార్ట్ వాజ్ టూ హెవీ' లాంటివి అచ్చంగా మన సొంత కవిత్వం, పిల్లది కాదు. కుడి గడిలో చివరికి నిలిచింది ఇది: 'ఐ డిడ్ నాట్ ఆస్క్ హౌ. ఐ డిడ్ నాట్ వాంట్ టు ఆస్క్.' తెలుగులో 'అడగ' రెండుసార్లు వచ్చింది, ఇక్కడ 'ఆస్క్' రెండుసార్లు వచ్చింది. ఇంగ్లీషు టీచర్లు ఆ రెండోదాన్ని కొట్టేస్తారు. ఒప్పుకోవద్దు.

దిద్దే వరస గురించి. ముందు వాక్యాల క్రమం, తర్వాత కాలాలు, 'ఏ', 'ది' లాంటివి అన్నిటికన్నా ఆఖరున. అప్పు మొదటిసారి వచ్చినచోట 'ఏ లోన్', తర్వాత 'ది లోన్'. వాక్యాలు అటూ ఇటూ జరిపితే ఈ రెండూ తారుమారవుతాయి, ముందే దిద్దిన శ్రమంతా వృథా. మన పిల్లలు ఏం చదవాలనుకుంటున్నారో చివరి పేరాలో గాని చెప్పరు. ఇంగ్లీషులో చదివేవాళ్ళు ఆ సంగతి మొదటి పేరాలోనే ఆశిస్తారు. అందుకని మొత్తం తిరగరాయం, ఆ ఒక్క వాక్యాన్నే మొదటి పేరా చివరికి తెస్తాం. అంకెలు వేసుకున్నది ఇందుకే. 14 వచ్చి 6 తర్వాత కూర్చుంటే, 7లో ఉన్న 'ఆ ఏడు' ఏ ఏడో మళ్ళీ చూడాలి.

లోపాలు లేవని కాదు. నెమ్మది పని ఇది. మూడువందల మాటల వ్యాసానికి రెండు పూటలు పడుతుంది, మధ్యలో పిల్లతో అరగంట ఫోను. మాటల లెక్క దగ్గర మరో చిక్కు. 'వెళ్ళలేకపోయాను' మనకు ఒక మాట, ఇంగ్లీషులో నాలుగు. తెలుగులో పరిమితికి సరిపోయిన వ్యాసం ఇంగ్లీషులో పొంగుతుంది. పైగా డాక్స్‌లో ఏదీ ఎంచుకోకుండా Ctrl+Shift+C నొక్కితే మూడు గడుల మాటలూ కలిపి చూపిస్తుంది. కుడి గడిని మాత్రమే ఎంచుకుని నొక్కాలి, లేదా దాన్ని వేరే డాక్యుమెంటులోకి తీసుకెళ్ళి లెక్కపెట్టాలి.

చుట్టరికాలు కూడా ఇబ్బందే. పెదనాన్న కొడుకును పిల్లలు 'అన్న' అని రాస్తారు, మనం 'బ్రదర్' అని పెడతాం, దరఖాస్తులో తోబుట్టువుల దగ్గర సున్నా ఉంటుంది. చూసేవాళ్ళకు అబద్ధంలా తోస్తుంది. 'కజిన్' అని రాసేయాలి, ఇక్కడ గొంతు గురించి బాధపడక్కర్లేదు.

కుడి గడి పూర్తయ్యాక దిద్దుబాట్లన్నీ డాక్స్‌లోని Suggesting మోడ్‌లో పెట్టి, ఒక్కొక్కటి పిల్లే ఒప్పుకోవాలి. తర్వాత పైకి చదివించాలి. ఎక్కడ నాలుక తడబడిందో అక్కడ మన మాట దూరిందన్నమాట. ఇంటర్వ్యూలో ఆ మాటే అడిగితే జవాబు చెప్పలేరు. వ్యాసం సొంతంగా ఇంగ్లీషులోనే రాయాలని నిబంధన ఉన్నచోట ఈ కాగితం జోలికే పోకూడదు. అనువాదానికి అనుమతి ఉంటే చేసిచ్చినవాళ్ళ సంగతి అడిగినచోట రాసేయాలి.

దరఖాస్తు పెట్టెలో అతికించేటప్పుడు Ctrl+Shift+V వాడండి. మామూలుగా అతికిస్తే పట్టిక గీతలు కూడా వెంట రావచ్చు.