టారో రీడింగ్: వీడియో కాల్ మేలా, ఫోన్‌లో మాట్లాడి ఫొటో పంపడం మేలా?

తిరుపతిలో టారో కార్డులు వేసి చెప్పే నాకు చిత్తూరు, పలమనేరు, మదనపల్లె నుంచి వచ్చే ఫోన్లే ఎక్కువ. ఎదురుగా కూర్చోవడం కుదరని వాళ్లు అడిగే మొదటి మాట, ‘వీడియోలో చేద్దామా అక్కా?’ అని. నేను మాత్రం మామూలు ఫోన్ కాల్, మధ్యలో ఒక్క ఫొటో చాలంటాను. వీడియో అక్కర్లేదని కాదు. అది పనికొచ్చే చోటు వేరే ఉంది.

వీడియోలో కెమెరా ఒకసారికి ఒకటే సరిగ్గా చూపిస్తుంది, నా ముఖమైనా, కార్డులైనా. ముఖం కనబడేలా ఫోన్ ఎదురుగా నిలబెడితే, కార్డులు నా వైపు తిరిగి ఉంటాయి కాబట్టి అవతలివాళ్లకు తలకిందులుగా కనబడతాయి. తలకిందులుగా పడిన కార్డుకు వేరే అర్థం చెప్పే పద్ధతిలో ఇది చిన్న విషయం కాదు. పైగా చాలా యాప్‌లలో ముందు కెమెరా పెడితే నాకు కనిపించే నా బొమ్మ అద్దంలోలా కుడి ఎడమలు మారి ఉంటుంది, అవతలివాళ్లకు మాత్రం సరిగ్గానే వెళుతుంది. ఆ బొమ్మను చూస్తూ ‘ఎడమ పక్కది’ అంటే ఇద్దరూ వేర్వేరు కార్డులు చూస్తుంటారు. అందుకే వీడియోలో కుడి, ఎడమ అనే మాటలే వాడను, కార్డు పేరు చెబుతాను.

ఫోన్‌ను స్టాండుకు తగిలించి పైనుంచి వెనక కెమెరాతో చూపిస్తే ఈ తిప్పలు పోతాయి. అప్పుడు నా ముఖం కనబడదు, వాళ్లకు కనిపించేది కార్డులు, నా చేతులే. ముఖమే లేనప్పుడు వీడియో ఎందుకు? దానికో మంచి జవాబుంది. కార్డులు కలిపేది కళ్లారా చూస్తేనే నమ్మకం కుదిరేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా మొదటిసారి వచ్చేవాళ్లు. వాళ్లకు ఆ ఐదు నిమిషాలు వీడియో పెట్టి, కలపడం, వాళ్లు ‘చాలు’ అన్నచోట ఆపడం, కార్డులు పరచడం చూపిస్తాను. తర్వాత వీడియో ఆపేసి మాటల్లోకి దిగుతాం.

మన ఇళ్ల సంగతి కూడా చూడాలి. అత్తగారు, పిల్లలు, టీవీ, అన్నీ ఉన్న హాల్లో ఒక ఆడమనిషి వీడియో కాల్‌లో సంసారం గురించి మాట్లాడలేదు. అదే ఫోన్ చెవికి పెట్టుకుంటే మిద్దె మీదికి పోయి బట్టలు తీస్తూ మాట్లాడగలదు. ముఖం చూసుకోవాల్సిన పని లేనప్పుడు గొంతు తేలికపడుతుంది. ఎక్కడ తడబడింది, ఏ పేరు దగ్గర ఆగింది అన్నవి నాకు ఫోన్‌లోనే బాగా వినబడతాయి. వీడియోలో నెట్‌వర్క్ తడబాటేదో మనిషి తడబాటేదో తేల్చుకోవడం కష్టం.

చిత్తూరులో ప్రైవేటు స్కూల్లో చెప్పే ఒక టీచరమ్మ సంగతి చెబుతాను, ఆవిడ ఒప్పుకున్నంతవరకే. భర్తకు చెన్నైలో ఉద్యోగం. ఆమె కూడా పోవాలా, ఇక్కడే అత్తగారి దగ్గర ఉండాలా అన్నది ప్రశ్న. మూడు కార్డులు వేశాను. ఇప్పుడున్న స్థితికి టూ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది, కళ్లకు గంతలు కట్టుకుని రెండు కత్తులు అడ్డంగా పట్టుకున్న స్త్రీ. పోతే ఏమిటన్నదానికి సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్, పడవలో పోతున్న మనుషులు, అది తలకిందులుగా పడింది. ఉంటే ఏమిటన్నదానికి ఫోర్ ఆఫ్ పెంటకిల్స్, నాణేన్ని గుండెకు అదిమి పట్టుకున్న మనిషి. నా దగ్గరున్నది 1909లో మొదట వచ్చిన రైడర్ కార్డుల బొమ్మలే. పమేలా కోల్‌మన్ స్మిత్ వేసిన ఆ బొమ్మల్లో టూ, ఫోర్, సిక్స్ లాంటి చిన్న కార్డుల మీద కూడా మనుషులు, సన్నివేశాలు ఉంటాయి. ఫొటో పంపడానికి అర్థం ఉండేది అందుకే. కత్తులో కప్పులో లెక్కకు గీసి వదిలేసిన కార్డులైతే చూసేవాళ్లకు పట్టుకోవడానికి ఏముంటుంది?

ఫొటో తీసేటప్పుడు ఒక చిక్కుంది. ఫోన్‌ను బల్లకు సమాంతరంగా, పడుకోబెట్టినట్టు పట్టుకుంటే పైభాగం ఎటుందో దానికి తెలియదు. ఒక్కోసారి ఫొటోను పక్కకో తలకిందులుగానో తిప్పేస్తుంది. ఈమె వరసే అలా తిరిగిందనుకోండి. తలకిందుల సిక్స్ నిటారుగా కనబడుతుంది, నిటారుగా ఉన్న రెండూ తలకిందులవుతాయి, మొదటి కార్డు మూడో చోటికి పోతుంది. మొత్తం రీడింగే మారిపోతుంది. అందుకని కార్డుల కింద చిన్న కాగితం ముక్కల మీద 1, 2, 3 రాసి పెడతాను. అంకెలు సరిగ్గా కనబడితే ఫొటో సరిగ్గా ఉన్నట్టే. ట్యూబ్‌లైటు నేరుగా పైన ఉంటే కార్డు మెరుపులో బొమ్మ తెల్లగా పోతుంది, కిటికీ పక్కన పగటి వెలుతురులో తీస్తే ఆ బాధ లేదు. దగ్గరికి వంగితే నా ఫోన్ నీడే కార్డు మీద పడుతుంది కాబట్టి ఒకటిన్నర అడుగు ఎత్తు నుంచి తీసి, తర్వాత అంచులు కత్తిరిస్తాను.

ఫొటో ఎప్పుడు పంపాలన్నది ఇంతకంటే ముఖ్యం. కార్డులు వేయగానే పంపితే, మనం నోరు తెరిచేలోపు వాళ్లు కత్తుల్ని చూసి భయపడతారు, లేదా గూగుల్‌లో అర్థం వెతుక్కుంటారు. డెత్ కార్డు వస్తే ఇక చెప్పనక్కర్లేదు. నేను ముందు ప్రశ్న వింటాను, కార్డులు ఒక్కొక్కటిగా మాటల్లో చూపిస్తాను, ఆ తర్వాత ‘ఇప్పుడు చూడమ్మా’ అని పంపి రెండు నిమిషాలు మాట్లాడను. ఆ టీచరమ్మకూ అలాగే పంపాను. కాసేపటికి ఆమే అంది: ‘అక్కా, ఆ పడవలో ముసుగేసుకున్నామె పక్కన బిడ్డ ఉంది కదా. ఆ బిడ్డను ఎవరూ అడగలేదు.’ అప్పటిదాకా మూడో తరగతి చదివే కొడుకు మాటే రాలేదు. అక్కడినుంచి మాట పోవాలా వద్దా అన్నది వదిలి, చదువు మధ్యలో స్కూలు మార్చడం మీదికి మళ్లింది. తలకిందుల సిక్స్‌ను నేను వద్దని చెప్పలేదు, పడవ ఇంకా కదల్లేదు అన్నాను. ఏప్రిల్ పరీక్షలయ్యాక తేల్చుకుంటానని ఆమె తనే అనుకుంది.

వాట్సాప్‌లో వీడియో అయినా ఈ మాట వచ్చేదేమో. కానీ ఫోన్ చిన్న తెరలో, నా చేతులు కదులుతుండగా, ఆ బిడ్డ కంటపడేదని నేననుకోను. ఆగి ఉన్న ఫొటోను వేళ్లతో పెద్దది చేసుకుని చూడొచ్చు. కాల్ స్పీకర్‌లో పెట్టుకుంటే మాట్లాడుతూనే చూడొచ్చు, చుట్టూ ఎవరైనా ఉంటే ఇయర్‌ఫోన్ చాలు.

ప్రశ్న మెసేజ్‌లో తీసుకుని జవాబును వాయిస్ నోట్‌గా పంపే పద్ధతి కూడా ఉంది. విదేశాల్లో ఉండి సమయం కుదరని వాళ్లకు తప్ప నేనది చేయను. అందులో ఎదుటి మనిషి మాటకు చోటే ఉండదు, అందరికీ ఒకేలా చెప్పేయడం అలవాటైపోతుంది. వాయిస్ నోట్‌ను నేను వాడేది కాల్ అయిపోయాక. వాళ్లన్న మాటనే, వాళ్ల మాటల్లోనే, రెండు నిమిషాల్లోపు చెప్పి పంపుతాను. ఆ టీచరమ్మకు పంపిందాంట్లో కార్డుల అర్థాలేవీ లేవు, బిడ్డ గురించి ఆమె అన్నదీ ఏప్రిల్ మాటా అంతే.

ఇక గుట్టు సంగతి. ఫొటోలో పేరు గానీ ప్రశ్న గానీ రాసి పెట్టను, ఇంట్లో ఎవరు చూసినా మూడు బొమ్మలే కనబడాలి. స్పష్టత కోసం ఫొటోను డాక్యుమెంట్‌గా పంపొద్దు, అలా పంపితే ఎక్కడ తీశారన్న వివరం కూడా దానితోపాటు వెళ్లొచ్చు. ఫొటోగానే హెచ్‌డీలో పంపితే సరిపోతుంది. ఫోన్ ఇంకొకరి చేతిలోకి పోతుందని వాళ్లు ముందే చెబితే, ఒక్కసారే తెరుచుకునేలా పంపి, కాల్ నడుస్తుండగానే చూడమంటాను.